సరిహద్దు దాటే ఆటోలను ఆపవద్దు, అనుమతి ఇవ్వండి: ముసాయిదా నియమాలపై పర్లాకిమిడి నివాసుల అభిప్రాయం

గౌరవనీయులైన రవాణా శాఖ కార్యదర్శి గారికి,
ఒడిశా ప్రభుత్వం, భువనేశ్వర్

విషయం: మూడు చక్రాల ప్రయాణికుల వాహనాల పర్మిట్లపై ముసాయిదా నియమాలు. 4, 7, 9, 12 నియమాల మీద మా అభ్యంతరాలు, సూచనలు.

అయ్యా,

మేము గజపతి జిల్లా పర్లాకిమిడిలో పక్కపక్కనే ఉన్న మూడు వీధుల నివాసులం. మా సంఘంలో ఆటో నడిపేవారు ఉన్నారు, ఆటో ఎక్కితే తప్ప బజారుకు వెళ్లలేని పెద్దవాళ్లూ ఉన్నారు. ముసాయిదాను అందరం కలిసి కూర్చుని ఒక్కో నియమం చదువుకున్నాకే ఈ లేఖ రాస్తున్నాం. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది కనుక తెలుగులో రాశాం. మీ సౌకర్యం కోసం ఒడియా అనువాదం జతపరిచాం.

మా ప్రధానమైన అభ్యంతరం 4వ నియమం మీద. ఒడిశా పర్మిట్ ఉన్న ఆటో ప్రయాణికులతో రాష్ట్ర సరిహద్దు దాటరాదని అందులో ఉంది. భువనేశ్వర్‌లోనో కటక్‌లోనో ఈ మాటకు పెద్ద అర్థం ఉండకపోవచ్చు. మాకు మాత్రం ఇది ఇంటికీ వాకిలికీ మధ్య గోడ కట్టడమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని పంచారు. మా ఊరు ఇటు వచ్చింది, పక్కనున్న పాతపట్నం అటు ఉండిపోయింది. పటం మీద గీత పడింది కానీ సంబంధాలు తెగలేదు. ఆడపడుచులను అక్కడికి ఇచ్చాం, కోడళ్లను అక్కడి నుంచి తెచ్చుకున్నాం. శ్రీకాకుళం బస్సు ఎక్కాలంటే పాతపట్నం వెళ్తాం. పెద్ద జబ్బు చేస్తే బరంపురం వైద్య కళాశాల కంటే శ్రీకాకుళం ఆసుపత్రే మాకు దగ్గర.

మా వీధిలో గుండె జబ్బుతో బాధపడుతున్న ఒక పెద్దావిడ నెలకోసారి శ్రీకాకుళం వెళ్లివస్తారు. మొన్న వేసవిలో తనిఖీలు జరుగుతున్నాయని తెలిసి, ఆటో అతను భయపడి సరిహద్దు బోర్డు దగ్గరే ఆమెను దింపేశాడు. అవతలి ఆటో కోసం ఆమె ఎండలో నడిచారు. ఒక చేతిలో మందుల సంచి, మరో చేతిలో రిపోర్టుల కవరు. అది నలగకూడదని గుండెలకు హత్తుకుని, నాలుగు అడుగులకోసారి ఆగుతూ వెళ్లారు. ఆటో అతను చెడ్డవాడు కాదు. ఆ రోజంతా బాధపడ్డాడు. పర్మిట్ షరతు మీరితే మోటారు వాహనాల చట్టం 192-ఎ సెక్షన్ కింద పదివేల రూపాయల జరిమానా పడుతుంది, జైలు శిక్ష కూడా ఉండవచ్చు. అతని భయంలో తప్పేముంది?

అయితే అదే సెక్షన్ జబ్బుపడినవారిని, గాయపడినవారిని అత్యవసరంగా తరలించే వాహనానికి మినహాయింపు ఇచ్చింది. ఆ సంగతి ఏడు రోజుల్లోగా ప్రాంతీయ రవాణా అధికారులకు తెలియజేస్తే చాలు. ఈ మాట మీ ముసాయిదాలో ఎక్కడా లేదు. శిక్షలు చెప్పే 12వ నియమంలోనే దీన్ని కూడా స్పష్టంగా రాయండి. శిక్ష ఒక్కటే అచ్చువేసి మినహాయింపును చట్టం పుస్తకానికే వదిలేస్తే, రాత్రివేళ పురిటినొప్పులు పడుతున్న మనిషిని ఎక్కించుకోవడానికి ఏ ఆటో అతనూ ముందుకు రాడు. నెలనెలా వైద్యం కోసం వెళ్లే ఆ పెద్దావిడ లాంటివారు అత్యవసరం కిందికి రారు. వారికి మామూలు అనుమతే కావాలి.

ఇప్పటిలాగే చూసీ చూడనట్టు వదిలేయమని మేము అడగడం లేదు. వదిలేస్తే నష్టం మాకే. పర్మిట్ లేకుండా తిరిగిన వాహనం వల్ల ప్రమాదం జరిగితే, బీమా సంస్థ బాధితులకు పరిహారం చెల్లించి ఆ డబ్బును వాహన యజమాని నుంచి రాబట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. అప్పు చేసి ఆటో కొన్నవాడు ఆ మొత్తం ఎక్కడి నుంచి తెస్తాడు? అందుకే సరిహద్దు దాటడాన్ని చట్టబద్ధం చేయమంటున్నాం.

దానికి దారి చట్టంలోనే ఉంది. 88వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ మీద రెండో రాష్ట్రం అధికారులు ప్రతిసంతకం చేస్తే అది అక్కడా చెల్లుతుంది. రెండు రాష్ట్రాలు పర్మిట్ల సంఖ్యపై ఒప్పందానికి రావచ్చు. ఆ ప్రతిపాదనను గెజిట్‌లో, పత్రికల్లో ప్రచురించి, అభిప్రాయాలకు కనీసం ముప్పై రోజులు గడువు ఇవ్వాలి. ఈ పని ఒక్క రోజులో తెమలదని మాకూ తెలుసు. ఈలోగా 87వ సెక్షన్ కింద తాత్కాలిక పర్మిట్లు ఇవ్వండి. అవి నాలుగు నెలలకు మించి ఉండవు కానీ, అవతలి రాష్ట్రం అధికారుల సాధారణ సమ్మతి ముందే తీసుకుంటే ప్రతి ప్రయాణానికీ విడిగా అడగనక్కరలేదు. కాబట్టి 4వ నియమాన్ని ఇలా మార్చమని కోరుతున్నాం: “సరిహద్దు నుంచి పదహారు కిలోమీటర్ల లోపు పట్టణాల మధ్య, ప్రతిసంతకం లేదా తాత్కాలిక పర్మిట్ ఉన్న ఆటోలు ప్రయాణికులతో రాకపోకలు సాగించవచ్చు.” ఇదే అవకాశం పాతపట్నం ఆటోలకూ ఇవ్వాలి. మన ఆటో వెళ్లాలి, వాళ్లది రాకూడదు అంటే న్యాయం కాదు.

విడివిడిగా ఛార్జీ తీసుకోరాదన్న 9వ నియమం గురించి. ఆటోకు ఉండేది కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్ కనుక దారిలో మనిషికింతని ఎక్కించుకోకూడదనేది చట్టం మాటే, కాదనం. కానీ ఇక్కడ మొత్తం ఆటో మాట్లాడుకునే స్తోమత ఎంతమందికి ఉంది? కొండ మీది నుంచి చీపురు కట్టలు, చింతపండు మోసుకొచ్చే సవర ఆడవాళ్లు నలుగురు కలిసి ఒక ఆటో ఎక్కుతారు. ఒక్కొక్కరే మొత్తం కిరాయి పెట్టుకుంటే ఆ రోజు అమ్మిన సరుకంతా దానికే సరిపోతుంది. బస్సు లేని దారులు గుర్తించి, అక్కడ స్థిరమైన ఛార్జీతో షేర్ ఆటోలకు తగిన పర్మిట్ ఇవ్వండి. ఎంతమందిని ఎక్కించాలో గట్టిగా చెప్పండి. డ్రైవరు పక్కన ఇద్దరిని వేలాడదీసే పద్ధతికి మేము కూడా వ్యతిరేకులమే.

7వ నియమం ప్రతి ఆటోకూ జాడ తెలిపే పరికరం పెట్టుకోమంటోంది. కేంద్ర మోటారు వాహన నియమాల్లో 125-హెచ్ నియమం మూడు చక్రాల వాహనాలకు దీని నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆ ఖర్చు ఆటోవారి మీద పెట్టవద్దు. బ్యాటరీ ఆటోలనూ పర్మిట్ కిందికి తెచ్చారు. 2018 అక్టోబరు 18 నాటి కేంద్ర నోటిఫికేషన్ బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలను పర్మిట్ నుంచి మినహాయించింది కనుక ఆ మాట తొలగించాలి.

చివరగా భాష గురించి. ఛార్జీల బోర్డులు, జరిమానా నోటీసులు ఒడియాతో పాటు తెలుగులో, సవర భాషలో కూడా ఉండాలి. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే బడిపంతులుగా ఉండి, సవరలకు వారి మాటలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. అలాంటి ఊళ్లో తన మీద పడిన జరిమానా ఎందుకో చదువుకోలేని మనిషి ఉండకూడదు.

ఈ నియమాలు ఖరారు చేసేముందు పర్లాకిమిడిలో ఒక విచారణ సభ పెట్టండి. సంత రోజు కాకుండా చూడండి, ఆ రోజు ఆటోవారు రాలేరు. స్థలం మేము చూస్తాం, మూడు భాషల్లో మాట్లాడి చెప్పేవారిని కూడా మేమే తీసుకొస్తాం.

ఇట్లు,
అధ్యక్షురాలు, కార్యదర్శి, సభ్యులు
వీధి నివాసుల సంఘం, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జతపరిచినవి: ఒడియా అనువాదం, సభ్యుల సంతకాలు