అప్పు చేసి మిర్చి కొనలేను నాన్నా

గుంటూరు,
20 ఏప్రిల్ 2025, ఆదివారం.

నాన్నకి,

నేను బాగున్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని చెల్లి చెప్పింది, సంతోషం. మొన్న ఫోన్‌లో నువ్వు కోపంగా పెట్టేశావు. నీ మాట కాదనడం నాకూ ఇష్టం లేదు. కానీ ఫోన్‌లో అయితే ఇద్దరం గొంతు పెంచుతున్నామే తప్ప లెక్క మాట్లాడుకోవడం లేదు. ఇవాళ మిర్చి యార్డు సెలవు. తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. చెల్లి చేత చదివించుకోకుండా నువ్వే చదువు.

ఇంటి కాయితాలు పెట్టి పన్నెండు లక్షలు తెస్తానని, ఇప్పుడు రేటు పడిపోయి ఉంది కాబట్టి తేజ మిర్చి కొని కోల్డ్ స్టోరేజీలో వేసి దసరా తర్వాత అమ్మమని నువ్వన్నావు. కమీషన్ షాపులో పద్దులు రాసేవాడికి ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుందన్నావు. పద్దులు రాస్తున్నాను కాబట్టే వద్దంటున్నా.

కాయితం మీద వేసి చూశాను. క్వింటా పన్నెండు వేల లెక్కన నూరు క్వింటాళ్లు, అంటే నలభై కిలోల టిక్కీలు 250. నువ్వు మాట్లాడింది రెండు రూపాయల వడ్డీకి. నెలకి 24 వేలు. అక్టోబరు ఆఖరు దాకా ఆరు నెలలకి 1,44,000. స్టోరేజీ అద్దె టిక్కీకి రెండు వందలు వేసుకున్నా యాభై వేలు. హమాలీ, ఆటో, ఇన్సూరెన్సు కలిపి ఇరవై వేలు తక్కువ కాదు. పైగా సరుకు తరుగు తీస్తుంది. నూటికి రెండు కిలోలు పోయిందనుకుంటే చేతికొచ్చేది 98 క్వింటాళ్లు. ఇవన్నీ కలిపితే క్వింటా 14,400 దాటాకే మన అసలు మనకి వస్తుంది. అమ్మేటప్పుడు కమీషన్, కాటా మళ్లీ వేరే. అంటే రేటు రెండున్నర వేలు పెరిగినా మనకి మిగిలేది ఏమీ లేదు. వడ్డీ ఇచ్చిన ఆయనకి, స్టోరేజీ వాళ్లకి మాత్రం మిగులుతుంది.

పెరగదా అంటే, పెరగొచ్చు. నవంబరులో పదహారు వేలు పలికితే నువ్వు నన్ను చూసి నవ్వుకో, నేనేమీ అనుకోను. ఈ ఏడాది సాగు తగ్గింది కాబట్టి రేటు పెరుగుతుందని యార్డులో చాలామంది అంటున్నారు. స్టోరేజీల్లో పాత నిల్వలు ఇంకా కదలలేదని అనేవాళ్లూ అంతే మంది ఉన్నారు. చైనా వాళ్లు ఎంత కొంటారో మా సేటుకే తెలియదు, నాకేం తెలుస్తుంది?

పెదనాన్న కొడుకు 2023లో సంపాదించాడు కదా అన్నావు. ఆ ఏడు తేజ ఇరవై వేలు దాటింది, నిజమే. ఇంకొకటి కూడా గుర్తు పెట్టుకో, వాడు పెట్టింది వాళ్ల మామ ఇచ్చిన డబ్బు. నెల తిరిగేసరికి వడ్డీ కట్టమని గుమ్మంలో నిలబడేవాడు వాడికి లేడు. అందుకే నాలుగు నెలలు రేటు కదలకపోయినా ఓపిగ్గా కూర్చున్నాడు. అదే రేట్లు చూసి తర్వాతి ఏడాది అప్పు చేసి కొన్నవాళ్ల ఖాతాలు నా దగ్గరే ఉన్నాయి. పేర్లు రాయను, అది షాపు నమ్మకం. ఒకాయన మాత్రం నా కళ్ల ముందే ఉంటాడు. సంక్రాంతి దాటాక, కొత్త కాయ యార్డుకి రావడం మొదలైన రోజుల్లో, స్టోరేజీ రసీదులు పాలిథిన్ కవర్లో పెట్టుకుని మా షాపు అరుగు మీద వచ్చి కూర్చునేవాడు. శాంపిల్ టిక్కీ విప్పితే కాయ బాగానే ఉంది, తొడిమ కూడా ఊడలేదు. అయినా కొనేవాడు ఆ పక్కనే ఆరబోసిన కొత్త కాయ ఎర్రదనం చూసి దీని మీద చెయ్యి కూడా పెట్టలేదు. ఇంకో నెల ఆగితే ఏమయ్యేదో కానీ ఆయన ఆగలేడు, అప్పు గడువు అయిపోయింది. సేటు చెప్పిన రేటుకే రాసిచ్చి వెళ్లాడు. ఆ పట్టీ రాసింది నేనే.

సొంత డబ్బు ఉన్నవాడు రేటు చూసి అమ్ముతాడు. అప్పు తెచ్చినవాడు తారీఖు చూసి అమ్ముతాడు. నాకు భయం రేటంటే కాదు నాన్నా, ఆ తారీఖంటే.

బయట వడ్డీ ఎందుకు, రసీదు మీద బ్యాంకు లోను తీసుకో అని బాబాయి అన్నాడట. వడ్డీ తక్కువే. కానీ బ్యాంకు సరుకు విలువ మొత్తానికి ఇవ్వదు, మిగతాది మళ్లీ బయటే తేవాలి. రేటు పడితే తేడా కట్టమంటారు, కట్టలేకపోతే సరుకు అమ్మేస్తారు. తక్కువ రేటులో అమ్మకూడదనే కదా మనం దాచేది!

ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకి 11,781 ప్రకటించింది కాబట్టి అంతకంటే పడదని నువ్వన్నావు. అది పండించిన రైతుకి నష్టం పూడ్చడానికి పెట్టిన రేటు. కొని స్టోరేజీలో పెట్టుకున్నవాడిని దానికోసం ఎవరూ పిలవరు.

ఇంకో సంగతి కూడా ఉంది, ఇది నీకు చిన్నగా కనిపించొచ్చు. నేను గుమాస్తాని. ఏ లారీలో ఏ సరుకు వచ్చిందో, ఎవరికి డబ్బు అవసరమో నాకు ముందే తెలుస్తుంది. నేను కూడా కొనడం మొదలుపెడితే మంచి లాటు నా కోసం దాచుకున్నానని సేటు అనుకుంటాడు. అనుకోకపోయినా రైతులు అనుకుంటారు. జీతం పద్దెనిమిది వేలే కావచ్చు, కానీ బీరువా తాళం నా చేతికిచ్చి ఊరెళ్తాడు ఆయన. ఆ నమ్మకాన్ని పోగొట్టుకోలేను.

నీ బాధ నాకు తెలియక కాదు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి పూత మొత్తం ముడుచుకుపోయిన ఏడు చేసిన అప్పే ఇంకా నడుస్తోంది. ఒక్క దెబ్బతో అది తీరిపోవాలని నీ ఆశ. కానీ ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసి, దానికి ఇల్లు పెడితే, తేడా వస్తే అమ్మని ఎక్కడ ఉంచుతాం? నెలనెలా పంపే ఐదు వేలని ఈ నెల నుంచి ఏడు చేస్తాను. అది ఇంటి ఖర్చుకి వాడకుండా ఆ పాత బాకీ అసలులోనే జమ చేయించు, కాయితం మీద రాయించుకో.

మిర్చి దాచాలని నీకు అంత ఉంటే మన పొలంలో పండినవి ముప్పై అయిదు టిక్కీలు ఉన్నాయి కదా, అవి దాచుదాం. వాటి మీద ఎవరికీ వడ్డీ కట్టక్కర్లేదు. అద్దె నేను కడతాను. మా సేటుకి తెలిసిన స్టోరేజీలో చోటు అడిగాను, ఇస్తామన్నారు. ఎండాకాలం సెలవులకి యార్డు మూసేలోపు పంపాలి. బుధవారం మన ఊరి లారీ వస్తుందట, అందులో వేయించు. తాలు కాయ వేరే సంచిలో పెట్టించు, కలపొద్దు. తొక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చల్లే అలవాటు ఈసారి మానెయ్యండి, లోపల బూజు పడుతుంది. టిక్కీల మీద నీ పేరు పెయింటుతో రాయించు, సుద్దముక్కతో రాస్తే చెరిగిపోతోంది. లారీ బయలుదేరగానే ఫోన్ చెయ్యి, నేను గేటు దగ్గర ఉంటాను.

అమ్మకి, చెల్లికి అడిగానని చెప్పు.

నీ కొడుకు,
శ్రీను