సెల్లార్, డాబా వాటర్‌ప్రూఫింగ్ స్పెసిఫికేషన్: అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

పరిధి

540 చదరపు మీటర్ల సెల్లార్‌కు, 460 చదరపు మీటర్ల డాబాకు ఈ పత్రం వర్తిస్తుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు ఈ ప్రాంతంలో రోజుల తరబడి నిలిచాయి. అందుకే సెల్లార్ గోడ బయట నీరు నేలమట్టం దాకా నిలిచి ఒత్తుతుందనే లెక్కతోనే పని చేయాలి. 'ఇక్కడ మామూలుగా ఊట తక్కువే' అనే వాదన అంగీకరించం. ఉపరితలం సిద్ధం చేయడంలో ఐఎస్ 3067 పాటించాలి.

మెంబ్రేన్

రెండు చోట్లా పాలిస్టర్ బలం ఉన్న ఏపీపీ బిటుమెన్ మెంబ్రేనే, టార్చ్‌తో అతికించేది. పాలిస్టర్ చదరపు మీటరుకు 180 గ్రాములకు, మెత్తబడే ఉష్ణోగ్రత 150 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. సెల్లార్‌కు 3 మి.మీ. షీట్లు రెండు పొరలు, డాబాకు 4 మి.మీ. ఒక పొర. ప్రతి బ్యాచ్‌కు తయారీదారు టెస్ట్ సర్టిఫికెట్ ఇచ్చాకే రోల్ విప్పాలి. రోళ్లను నీడలో నిలబెట్టి ఉంచాలి. రోహిణి కార్తె ఎండలో పడుకోబెడితే ఒకదానికొకటి అంటుకుపోతాయి.

సెల్లార్

పని మొదలైనప్పటి నుంచి ఊట నీటిని పీసీసీకి 500 మి.మీ. కిందే ఉంచాలి. పంపులు కరెంటు పోయినా నడవాలి, జనరేటర్ ఖర్చు కాంట్రాక్టర్‌దే. పీసీసీ నునుపుగా ఆరాక ప్రైమర్, దానిపై రెండు పొరల మెంబ్రేన్, ఆపై 50 మి.మీ. రక్షణ స్క్రీడ్. ఆ తర్వాతే రాఫ్ట్ కడ్డీ దిగాలి.

సెల్లార్‌లో చెమ్మ ఎక్కువగా కనిపించేది రాఫ్ట్, గోడ కలిసే చోట. రాఫ్ట్ కింది మెంబ్రేన్‌ను అంచు దాటించి 300 మి.మీ. బయటికి వదలాలి. గోడ పోసేదాకా దాన్ని ప్లైవుడ్ కింద కాపాడాలి. సెంట్రింగ్ వాళ్లు తొక్కి చింపితే ఆ ముక్క కోసేసి కొత్తది వేయాలి, ప్యాచ్ కుదరదు. ఆ జాయింట్ లోపల 230 మి.మీ. పీవీసీ వాటర్‌స్టాప్ ఉండాలి. గోడ దాటే ప్రతి పైపుకూ పడిల్ ఫ్లాంజ్ ఉండాలి. గోడ బయటివైపు మెంబ్రేన్‌ను నేలమట్టానికి 300 మి.మీ. పైదాకా ఎక్కించి, మీద డింపుల్ బోర్డు పెట్టాలి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. కాబట్టి గోడ పక్కన తవ్విన మట్టిని తిరిగి నింపకూడదు. గ్రావెల్‌ను 250 మి.మీ. పొరలుగా దిమ్మిస పెట్టాలి.

ల్యాప్‌లు

పక్క ల్యాప్ 100 మి.మీ., చివరి ల్యాప్ 150 మి.మీ. పక్కపక్క వరసల చివరి ల్యాప్‌ల మధ్య కనీసం 500 మి.మీ. దూరం ఉండాలి. సెల్లార్‌లో పై పొర అతుకు కింది పొర అతుకు మీద పడకూడదు. డాబా మీద పల్లం వైపు నుంచి మొదలుపెట్టాలి. అప్పుడే పై షీట్ కింది షీట్ మీదికి వచ్చి నీరు అతుకులోకి చొరబడదు. మూడు షీట్లు కలిసే చోట మధ్య షీట్ మూలను 45 డిగ్రీల్లో కోయాలి. వేడి సరిగ్గా తగిలితే ల్యాప్ అంచున కరిగిన బిటుమెన్ సన్నని గీతలా బయటికి వస్తుంది. ఆ గీత తెగిన చోటల్లా తాపీ మొనతో లేపి చూడాలి. లేస్తే మళ్లీ టార్చ్ పెట్టాలి.

రోల్ 10 చదరపు మీటర్లదైనా ల్యాప్‌లు పోను పరిచేది 8.9కి మించదు. డాబాకు 52 రోళ్లు తప్పదు, పిట్టగోడ మీద ఎక్కించేది అదనం. అంతకన్నా తక్కువతో పని ముగిసిందంటే ల్యాప్‌లు తగ్గినట్టే, ఆ బిల్లు ఆపుతాం. కొలత పూర్తయిన విస్తీర్ణానికే, ల్యాప్‌కు విడిగా డబ్బు లేదు.

డాబా

వాలు 1:100. పిట్టగోడ మొదట 75 మి.మీ. వాలు మూల కట్టి, మెంబ్రేన్‌ను టైల్ మట్టానికి 300 మి.మీ. పైదాకా ఎక్కించి గాడిలో దోపి సీల్ చేయాలి. నీరు దిగే గొట్టాల నోటి దగ్గర అదనంగా ఒక పొర వేయాలి. అక్కడ ల్యాప్ రాకూడదు.

నీటి పరీక్ష

గొట్టాలు మూసి, డాబాలో అతి ఎత్తైన చోట 50 మి.మీ. నీరు ఉండేలా నింపి 72 గంటలు ఉంచాలి. పల్లంలో 125 మి.మీ. దాటితే చదరపు మీటరుకు 125 కిలోల బరువు పడుతుంది. అందుకే అంతకు మించకుండా గట్లు కట్టి భాగాలుగా పరీక్షించాలి. పక్కనే అదే ఎండలో నీళ్ల తొట్టి పెట్టి, రెండింటిలో మట్టం ఎంత తగ్గిందో పోల్చాలి. తొట్టి కంటే డాబాలో ఎక్కువ తగ్గితే కింద మరక కనబడకపోయినా పరీక్ష తప్పినట్టే. సరిచేశాక 72 గంటలు మళ్లీ మొదటి నుంచి. టైల్స్ ఆ తర్వాతే.

సెల్లార్‌కు, భవనం బరువు చాలినంత అయిందని స్ట్రక్చరల్ ఇంజినీర్ రాసిచ్చాకే పంపులు ఆపాలి. ముందే ఆపితే నీటి ఒత్తిడికి రాఫ్ట్ పైకి లేచే ప్రమాదం ఉంది. ఊట మామూలు మట్టానికి చేరాక 7 రోజులు గోడలు, నేల చూడాలి. చెమ్మ కనిపించకూడదు.

వారంటీ

కాంట్రాక్టర్, మెంబ్రేన్ తయారీదారు కలిసి స్టాంప్ పేపర్ మీద 10 ఏళ్లకు రాసివ్వాలి. ఫిర్యాదు అందిన 48 గంటల్లో సైట్‌కు రావాలి. టైల్స్ పగలగొట్టి తిరిగి వేసే ఖర్చు కూడా వారంటీలోదే. మెంబ్రేన్ మాత్రమే ఉచితం అనే షరతు చెల్లదు. వరదను మినహాయింపుగా చూపడం కూడా చెల్లదు, నేలమట్టం దాకా నీటిని ఆపడానికే ఈ పని. ర్యాంప్ మీదుగా పొర్లి వచ్చిన నీటికి, ఓనర్లు సోలార్ స్టాండ్‌కు వేసిన రంధ్రాలకు కాంట్రాక్టర్ బాధ్యుడు కాడు. బిల్లులో 5 శాతం రెండు వానాకాలాలు గడిచాకే చెల్లిస్తాం.