పడిపోయే ముప్పు అంచనా: గది 7, కిటికీ వైపు మంచం

వయసు 84, మహిళ. బీపీ, షుగరు, రెండు మోకాళ్లలో అరుగుదల. పోయిన నెల రాత్రి రెండు గంటల ప్రాంతంలో మరుగుదొడ్డికి వెళ్తూ పడ్డారు. ఎముకలు విరగలేదు. ఎడమ భుజం మాత్రం ఇంకా పైకి లేవడం లేదు.

మోర్స్ స్కేలు: ఇటీవల పడినందుకు 25, ఒకటికి మించిన జబ్బులకు 15, మంచం, బల్ల, గోడ పట్టుకుని నడుస్తున్నందుకు 30, సెలైన్ లేదు కాబట్టి 0, బలహీనమైన నడకకు 10, తన శక్తిని ఎక్కువగా అంచనా వేసుకుంటున్నందుకు 15. మొత్తం 95. 45 దాటితేనే ముప్పు ఎక్కువ అని లెక్క.

వాకర్ ఉంది, కానీ అది తలుపు వెనక ఉంటోంది. చేతికి అందని వాకర్ ఉన్నా లేనట్టే. అందుకే 15 కాదు, 30 వేశాను.

బీపీ పడుకున్నప్పుడు 138/80, లేచి నిలబడిన నిమిషానికి 114/72. పై అంకె 20కి మించి తగ్గింది. కళ్లు తిరుగుతున్నాయా అని అడిగితే లేదన్నారు, చేయి మాత్రం బల్ల అంచును వదల్లేదు. నీరు పోయే మాత్ర సాయంత్రం ఇస్తున్నాం, నిద్రమాత్ర కూడా ఉంది. రెండింటినీ సమీక్షించమని డాక్టరుగారిని అడిగాను. వారు చెప్పేదాకా మనంతట మనం ఏదీ ఆపకూడదు.

రాత్రి డ్యూటీవాళ్లకు: పడుకునే ముందు ఒకసారి, ఒంటిగంటన్నరకు ఒకసారి మీరే మరుగుదొడ్డికి తీసుకెళ్లండి. బెల్లు కొట్టే దాకా ఆగవద్దు, మొహమాటపడి ఆమె కొట్టరు. మంచం పక్క కమ్మీలు ఎత్తి పెట్టవద్దు. వాటి మీదుగా దిగబోతే ఇంకా ఎత్తు నుంచి పడతారు. మంచం పూర్తిగా కిందికి దించి, చక్రాలకు బ్రేకు వేయండి.

మందులు మారినా, జ్వరం వచ్చినా, మళ్లీ పడినా అదే రోజు కొత్త అంచనా వేయాలి. ఏమీ లేకపోతే నెలకొకసారి.

మంచం దగ్గర బోర్డు (పసుపు కాగితం, పెద్ద నల్ల అక్షరాలు, పడుకున్నవారి కంటికి ఎదురుగా):

అమ్మా, లేచే ముందు బెల్లు కొట్టండి. మేం వస్తాం.

కాసేపు కూర్చుని, ఆ తర్వాత నిలబడండి.

సిబ్బందికి, చూడటానికి వచ్చినవారికి:
నడకకు ఒకరు తోడు, వాకర్ తప్పనిసరి.
ఎడమ చేయి పట్టుకుని లేపవద్దు.
బెల్లు, కళ్లజోడు, నీళ్లు కుడి పక్కన.
ఉత్త మేజోళ్లతో నడిపించవద్దు, జారని చెప్పులు తొడగండి.
కుర్చీ జరిపితే తిరిగి గోడ పక్కకు చేర్చండి.

బోర్డు మీద జబ్బుల పేర్లు, స్కోరు రాయలేదు. దారిన పోయేవాళ్లందరికీ అవి తెలియాల్సిన పని లేదు. పెట్టే ముందు ఆమెకు చదివి వినిపించాను. "పడిపోతారు జాగ్రత్త" అన్న వాక్యం తీసేయమన్నారు, తీసేశాను.