ఆదాయం కలపడంపై నోటీసుకు జవాబు

ఆదాయపు పన్ను అధికారి గారికి, కడప

అయ్యా,

నా భార్య షాపు అద్దెను నా ఆదాయంలో కలపాలని ప్రతిపాదిస్తూ మీరు పంపిన నోటీసుకు ఇది నా జవాబు. 2023 మేలో నా భార్యకు 6 లక్షలు గిఫ్టుగా ఇచ్చిన మాట నిజమే. ఆ సొమ్ము ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనే ఉంది. 2024-25లో వచ్చిన వడ్డీ 42,000 రూపాయలు సెక్షన్ 64 ప్రకారం నా రిటర్న్‌లోనే చూపించాను.

ప్రొద్దుటూరు షాపు అద్దె 1,44,000 రూపాయలు మాత్రం నా ఆదాయంలో కలపడం సరికాదు. ఆ షాపు ఆమె 2021లోనే, అంటే గిఫ్టుకు ముందే కొన్నది. అందులో 9 లక్షలు తన టీచరు జీతంలో దాచుకున్నవి, 5 లక్షలు వాళ్ల నాన్నగారు పొలం అమ్మి చెక్కు రూపంలో ఇచ్చినవి. నా ఖాతా నుంచి ఒక్క రూపాయి వెళ్లలేదు. ఏళ్ల తరబడి జమ్మలమడుగు బస్సెక్కి సంపాదించిన డబ్బును నాదనడం ఆమెకు అన్యాయం. అద్దెను ఆమె తన రిటర్న్‌లో చూపించి పన్ను కూడా కట్టింది.

ఆమె పాస్‌బుక్, ఫారం 16లు, మామగారి బ్యాంకు స్టేట్‌మెంట్, రిజిస్ట్రేషన్ దస్తావేజు జతచేశాను. అద్దె కలిపే ప్రతిపాదన విరమించుకోవాలని కోరుతున్నాను.

భవదీయుడు,
నోటీసు అందుకున్న పన్ను చెల్లింపుదారుడు, ప్రొద్దుటూరు