జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష: ఆదివారం అడగాల్సిన కార్డులు

అక్కా, నువ్వు ముందు వైపు చదువు, నేను వెనక వైపు చెప్తాను. కరెక్టుగా చెప్తే కార్డు 1, 3, 7, 16, 35 రోజుల వరసలో తర్వాతి డబ్బాలోకి. తప్పితే మళ్లీ ఒకటో రోజు డబ్బాలోకే. "నోటి దాకా వచ్చింది" అంటే తప్పే, జాలిపడకు. సబ్జెక్టులు కలిపేసే ఉంచాను, విడదీయొద్దు. పరీక్ష పేపర్లో అవి వరసగా రావుగా.

క్రిమినల్ ప్రొసీజర్ · 1వ రోజు (మూడోసారి తప్పాను)
ముందు: 482 అంటే ఏమిటి?
వెనక: "ఏ చట్టంలో?" అని ముందు నేను తిరిగి అడగాలి. పాత సీఆర్పీసీలో హైకోర్టు సహజాధికారాలు, ఇప్పుడవి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 528. బీఎన్ఎస్ఎస్ 482 మాత్రం ముందస్తు బెయిల్, అంటే పాత 438.
గమనిక: మొన్న మాక్ టెస్టులో క్వాష్ పిటిషన్ 482 కింద అని ధీమాగా రాసి వచ్చాను. నేను తిరిగి ప్రశ్న అడగకపోతే జవాబు సరైనదైనా తప్పు కింద వెయ్యి.

క్రిమినల్ · 7వ రోజు
ముందు: హత్యకు శిక్ష?
వెనక: బీఎన్ఎస్ 103(1). పాత ఐపీసీ 302. నేరం 2024 జులై 1కి ముందు జరిగితే ఐపీసీయే వర్తిస్తుంది.

క్రిమినల్ · 3వ రోజు
ముందు: మరి బీఎన్ఎస్ 302?
వెనక: మతపరమైన మనోభావాలు గాయపరచాలని కావాలనే మాటలనడం వగైరా. పాత 298.

క్రిమినల్ · 16వ రోజు
ముందు: హత్యకూ, హత్య కాని శిక్షార్హమైన నరహత్యకూ తేడా. మన రాష్ట్రం కేసు.
వెనక: స్టేట్ ఆఫ్ ఏపీ వర్సెస్ రాయవరపు పున్నయ్య, 1976. శిక్షార్హమైన నరహత్య జాతి, హత్య అందులో ఒక రకం. ప్రతి హత్యా శిక్షార్హమైన నరహత్యే, ప్రతి నరహత్యా హత్య కాదు. ఇప్పుడు బీఎన్ఎస్ 100, 101.

ఎవిడెన్స్ · 1వ రోజు
ముందు: పూరీ రైల్వే స్టేషన్లో ఇనుప పెట్టె, అందులో ముక్కలు చేసిన శవం. బాకీ డబ్బు కోసం బరంపురం వెళ్తున్నానని చనిపోయినతను బయల్దేరే ముందు తన భార్యతో అన్న మాట సాక్ష్యంగా చెల్లుతుందా?
వెనక: చెల్లుతుంది. పాకాల నారాయణ స్వామి, 1939, ప్రివీ కౌన్సిల్. చావు తప్పదని తెలిసి చెప్పిన మాటే కానక్కర్లేదు. మరణానికి దారితీసిన ఘటనతో దగ్గరి సంబంధమున్న పరిస్థితుల గురించైతే చాలు. బీఎస్ఏ 26(ఎ), పాత ఎవిడెన్స్ చట్టం 32(1).
గమనిక: మొదట ఇదే కార్డు మీద కన్ఫెషన్ నిర్వచనం కూడా ఇరికించాను. పెట్టె గుర్తొచ్చేది, కన్ఫెషన్ జారిపోయేది. అందుకే కార్డు చింపి రెండు చేశాను.

ఎవిడెన్స్ · 1వ రోజు (చింపిన రెండో ముక్క)
ముందు: అదే కేసు. కన్ఫెషన్ అంటే?
వెనక: నేరాన్ని గానీ, నేరమయ్యే వాస్తవాలన్నిటినీ దాదాపుగా గానీ ఒప్పుకోవాలి. అనుమానం పుట్టించే ఒక్క విషయం ఒప్పుకున్నంత మాత్రాన కన్ఫెషన్ కాదు.

ఎవిడెన్స్ · 3వ రోజు
ముందు: "మా ఇంటి కప్పులో దాచిన కత్తి చూపిస్తాను, దాంతోనే పొడిచాను." పోలీసులకు చెప్పిన ఈ మాటలో చెల్లేదెంత?
వెనక: పులుకూరి కొట్టయ్య, 1947, ప్రివీ కౌన్సిల్. దాచిన చోటు, అది నిందితుడికి తెలుసన్న సంగతి వరకే. "దాంతోనే పొడిచాను" తీసేయాలి. బీఎస్ఏ 23(2) ప్రొవైజో, పాత 27.

కాంట్రాక్ట్ · 35వ రోజు
ముందు: మైనరు తాకట్టు పత్రం రాసిచ్చాడు.
వెనక: మొహరీ బీబీ, 1903. మొదటినుంచే చెల్లదు. సెక్షన్ 11.
గమనిక: నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఈసారి కరెక్టయితే పక్కన పెట్టెయ్.

సీపీసీ · 7వ రోజు
ముందు: 10కీ 11కీ తేడా ఒక్క ముక్కలో.
వెనక: ముందు వేసిన దావా ఇంకా నడుస్తోందా, 10. దాని మీద తుది తీర్పు అయిపోయిందా, 11.

ఆస్తి బదిలీ · 7వ రోజు
ముందు: రిజిస్టరు కాని అగ్రిమెంటుతో 53ఏ రక్షణ దొరుకుతుందా?
వెనక: 2001 సెప్టెంబర్ 24న గానీ ఆ తర్వాత గానీ రాసిందైతే దొరకదు. రిజిస్ట్రేషన్ చట్టం 17(1ఎ).

హిందూ లా · 3వ రోజు
ముందు: 2005 సెప్టెంబర్ 9 నాటికి తండ్రి చనిపోయి ఉన్నాడు. కూతురు కోపార్సనరేనా?
వెనక: అవును. వినీతా శర్మ, 2020. హక్కు పుట్టుకతో వచ్చేది, తండ్రి ఆనాటికి బతికి ఉండనక్కర్లేదు. సెక్షన్ 6.
గమనిక: ఇక్కడ ఆగకుండా "ఆంధ్రలో అంతకుముందు?" అని అడుగు. 1985 సెప్టెంబర్ 5 నుంచే సెక్షన్ 29ఏ ఉంది, కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతురికి వర్తించదు. అమ్మమ్మ వాళ్ల పొలం పంపకాల్లో ఈ తేదీ మీదే ఇద్దరు పిన్నులు గొడవపడ్డారు, అయినా పోయినసారి 1986 అన్నాను.

రాజ్యాంగం · 16వ రోజు
ముందు: షెడ్యూల్డ్ ప్రాంతంలో గనుల లీజు ప్రైవేటు కంపెనీకి ఇవ్వొచ్చా?
వెనక: సమత వర్సెస్ స్టేట్ ఆఫ్ ఏపీ, 1997. గిరిజనేతరులకు బదిలీపై ఉన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుంది, "వ్యక్తి"లో ప్రభుత్వం కూడా ఉంది.

రాజ్యాంగం · 35వ రోజు
ముందు: కేశవానంద భారతిలో బెంచి ఎంత, మెజారిటీ ఎంత?
వెనక: 13 మంది, 7–6. 1973 ఏప్రిల్ 24. రాజ్యాంగాన్ని సవరించొచ్చు, మౌలిక స్వరూపాన్ని దెబ్బతీయకూడదు.
గమనిక: 11 మంది, 6–5 అన్నానంటే గోలక్‌నాథ్ చెప్తున్నానన్నమాట. వెంటనే ఆపు.