సాగర్ ట్రిప్: బుజ్జిదాని టైం ప్రకారం

అక్కా,

నిన్న ఫోన్లో సగం మాటలు బుజ్జిదాని ఏడుపులోనే పోయాయి. అందుకే అంతా రాసి పంపిస్తున్నా, బావకి కూడా చూపించు.

డిసెంబర్ రెండో శనివారం, ఆదివారం సాగర్ ఖాయం. క్రిస్మస్ సెలవులకు పోదామన్నావు గానీ, ఇరవయ్యో తారీఖుకి దానికి తొమ్మిది నెలలు నిండుతాయి, తట్టు టీకా వేయించాలి. ఆ టీకాకి జ్వరం వస్తే వెంటనే కాదు, వారం పది రోజులకు వస్తుందట. అంటే సరిగ్గా సెలవుల్లోనే. పైగా ఆ రోజుల్లో రూములు దొరకవు. సంక్రాంతి దాటితే ఎండ మొదలు, మన నల్గొండ ఎండ గురించి నీకు చెప్పక్కర్లేదు.

మేము శనివారం తొమ్మిదింబావుకి బయలుదేరతాం. అత్తమ్మ 'చల్లపూట ఆరింటికే పోండి' అంటోంది. కానీ బుజ్జిది తొమ్మిదిన్నరకి పడుకుంటుంది, కారు కదలగానే నిద్రపోతుంది. ఆరింటికి తీస్తే దాని నిద్ర చెడుతుంది, రోజంతా మనకు నరకం. అరవై అయిదు కిలోమీటర్లే అయినా హాలియాలో అరగంట ఆగుతాం. పాలు పట్టి, డైపర్ మార్చి, సీట్లోంచి తీసి కాసేపు ఒళ్లో ఆడించాలి. అది మధ్యలోనే లేచి ఏడిస్తే ఎక్కడ నీడ కనిపిస్తే అక్కడ ఆపేస్తాం. కాబట్టి మా కోసం టైం చూసుకుంటూ కూర్చోవద్దు. మీరు కల్వకుర్తి, దేవరకొండ మీదుగా నేరుగా వచ్చేయండి. ఒకే కారులో పోదామని బావ అన్నాడు గానీ రెండు కార్లు ఉంటేనే మేలు: ఒక కారు దాని నిద్రకి, ఇంకోటి మీ తిరుగుడుకి.

విజయ విహార్‌లో రెండు రూములు చెప్పాను, కింది అంతస్తులో. వరండాలో కూర్చుంటే నీళ్లు కనిపిస్తే చాలు, నాకు అదే ట్రిప్పు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా దాని పెద్ద నిద్ర. ఆ టైంలో నేను ఎక్కడికీ రాను. మీరు పిల్లలతో డ్యామ్ చూసి రండి. గేట్లు ఎత్తుతారని పెద్దోడికి ఆశ పెట్టకు, అది వానాకాలం వరద వచ్చినప్పటి మాట.

సాయంత్రం నాలుగింటికి బుద్ధవనం అందరం కలిసి. ఎండ తగ్గుతుంది కానీ అది 274 ఎకరాలు, నడక ఎక్కువ. మెట్లు కూడా ఉన్నాయి కాబట్టి తోపుడు బండి తేవట్లేదు, క్యారియర్‌లో కట్టుకుంటాను. మహాస్తూపం దాకా పోతాం, బుజ్జిది ఊరుకుంటే మిగతావి. చీకటి పడితే నీళ్ల మీది గాలి గట్టిగానే కొడుతుంది, ఆరున్నరకల్లా రూములో ఉండాలి.

ఆదివారం పొద్దున ఖాళీ. కావాలనే ఖాళీగా పెట్టాను. రాత్రి సరిగ్గా పడుకుంటే పదిన్నరకి ఎత్తిపోతల, లేకపోతే మీరే వెళ్లండి. నాగార్జునకొండ మాత్రం ఈసారి నాకు వద్దు. లాంచీ ఎక్కామంటే మనం అనుకున్నప్పుడు వెనక్కి రాలేం, నడినీళ్లలో దానికి ఆకలేస్తే ఏం చేస్తాను? మీరు పోతే పోండి, నేనేం అనుకోను. ఒంటిగంటకి మేము తిరుగు ప్రయాణం, అది మళ్లీ కారులోనే పడుకుంటుంది.

తిండి: ఉగ్గు పొడి, రాగి పిండి తెస్తున్నా, వేడినీళ్లకి చిన్న కెటిల్ కూడా. కాచి చల్లార్చిన నీళ్లు ఫ్లాస్కులో. అమ్మ దానికి తేనె నాకిస్తానంటే ఆపు, ఏడాది నిండేదాకా వద్దన్నారు డాక్టరు. స్వెట్టర్ కారు సీట్లో కూర్చోబెట్టాక పైన కప్పడానికే, వేసి బెల్టు పెడితే వదులవుతుంది. దోమతెర నేనే తెస్తా. ఇంకో మాట, 'రెండు నిమిషాలే కదా' అని దాన్ని కారులో వదిలి ఎవరూ దిగొద్దు, చలికాలమైనా సరే.

శుక్రవారం రాత్రి జ్వరం 100.4 దాటినా, విరేచనాలు పట్టుకున్నా మేము రాము. రూములు మీరు వాడుకోండి, డబ్బుల సంగతి తర్వాత చూద్దాం. అక్కడికి వచ్చాక ఏదైనా అయితే హిల్ కాలనీలోనే ఏరియా హాస్పిటల్ ఉంది, టెన్షన్ లేదు.

నువ్వు చేయాల్సింది ఒక్కటే: శనివారం మధ్యాహ్నానికి పులిహోర చేసి తీసుకురా, హోటల్ కోసం వెతుక్కోకుండా రూములోనే తినేద్దాం. చిన్నోడి పాత ఊలు టోపీ ఉంటే అదీ పడెయ్యి, దీనిది బిగుతైపోయింది.