అరకులో రెండు రాత్రులు: విశాఖ కుటుంబాలకు లాంగ్ వీకెండ్ ఆఫర్

అక్టోబరు 2 ఈసారి శుక్రవారం పడింది. పిల్లలకు బడి లేదు, మీకు ఆఫీసు లేదు. శుక్రవారం వచ్చి ఆదివారం దిగిపోయేలా, ఇద్దరు పెద్దలకూ పన్నెండేళ్లలోపు ఇద్దరు పిల్లలకూ కలిపి రూ. 11,900. రెండు ఉదయాల టిఫిను, రెండు రాత్రుల భోజనం, పన్నులు అన్నీ ఇందులోనే. తాతయ్యో అమ్మమ్మో కూడా వస్తే అదనపు పరుపుకు, భోజనాలకు కలిపి రాత్రికి రూ. 1,200.

ఇదే ధర 2027 ఫిబ్రవరి 28 వరకు మిగతా వారాంతాలకూ వర్తిస్తుంది. నవంబరు, డిసెంబరుల్లో వస్తే దారి పక్క చేలల్లో వలిసెపూలు పచ్చగా విరగబూసి ఉంటాయి. రిపబ్లిక్ డే మంగళవారం వస్తోంది. సోమవారం సెలవు పెట్టగలిగితే మూడో రాత్రి గది సగం ధరకే ఇస్తాం.

ఆఫర్ లేని రోజులు: దసరాకు అక్టోబరు 17 నుంచి 21, క్రిస్మస్, కొత్త సంవత్సరాలకు డిసెంబరు 19 నుంచి జనవరి 3, సంక్రాంతికి జనవరి 13 నుంచి 17. కార్తీకమాసంలో నవంబరు 14, 21, 28, డిసెంబరు 5 శనివారాలు కూడా లేదు. వనభోజనాల జనంతో ఆ రోజుల్లో ఊరంతా కిటకిటే. మామూలు ధరకు గది ఉంటే ఇస్తాం.

చెక్-ఇన్ మధ్యాహ్నం 1 గంటకు, చెక్-అవుట్ ఉదయం 10కి. కిరండూల్ ప్యాసింజర్‌లో వచ్చేవాళ్లు పదకొండు గంటల ప్రాంతంలోనే దిగుతారు కాబట్టి సామాను రిసెప్షన్‌లో పెట్టి, కింద స్నానాల గదిలో తయారై, గిరిజన మ్యూజియం చూసి రావచ్చు. కారులో వచ్చేవాళ్లు దయచేసి చీకటి పడకముందే ఘాట్ ఎక్కేయండి. మంచు దిగితే పది అడుగుల దూరం కనబడదు. రాత్రి 9 దాటితే గేటు మూస్తాం. ఆలస్యమైతే ముందే ఫోన్ చేయండి, కాపలా మనిషి తీస్తాడు. డ్రైవరుకు మంచం, భోజనం రూ. 300.

పెద్దలందరూ అసలు ఆధార్ గానీ, ఓటరు కార్డు గానీ, డ్రైవింగ్ లైసెన్సు గానీ తేవాలి. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు గనుక పనికిరాదు. పిల్లల వయసుకు ఆధార్ చాలు. గదిలో ఇండక్షన్ పొయ్యి పెట్టొద్దు. పసిపిల్లలకు పాలు, ఉగ్గు ఏ వేళైనా వంటగదిలో కాచి ఇస్తాం. పెంపుడు జంతువులకు అనుమతి లేదు. వేడినీళ్లు ఉదయం 6 నుంచి 9 వరకే.

బొంగు చికెన్ కావాలంటే మధ్యాహ్నమే చెప్పాలి. వెదురు బొంగులో నిప్పుల మీద నిదానంగా ఉడకాలి కదా. దాని ధర వేరు. చలిమంట మాత్రం ఉచితం, వాన లేకపోతేనే.

సగం డబ్బు ముందు కడితే గది ఖాయం. ఏడు రోజుల ముందు రద్దు చేస్తే మొత్తం వెనక్కి, మూడు రోజుల ముందైతే సగం, ఆ తర్వాత ఏమీ రాదు. కొండచరియలు పడి దారి మూసేస్తే మాత్రం పూర్తిగా తిరిగిస్తాం, లేదా తేదీ మారుస్తాం. తేదీ, పెద్దలెందరు, పిల్లల వయసులు రాసి ఈ వాట్సాప్‌కే జవాబు పంపండి.